ఒక డిగ్రీ, ఎనిమిది వారాలు

2024లో నైరుతి రుతుపవనాలు మే 30న కేరళను తాకాయి. మామూలుగా జూన్ 1న రావాలి కాబట్టి రెండు రోజులు ముందే వచ్చాయని సంబరపడ్డాం. కేరళకు పడమటగా అరేబియా సముద్రంలో ఉన్న లక్షద్వీప్ పగడాలకు మాత్రం ఆ వానలు చాలా ఆలస్యంగా వచ్చినట్టే. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు మే నెలలోనే అక్కడి దిబ్బల మీద గట్టి పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారిపోయాయని చెప్పారు. అక్కడి సముద్రం 2023 అక్టోబర్ చివరి నుంచే ఉండాల్సిన దానికన్నా వేడిగా ఉంటూ వచ్చింది.

ఎంత వేడిగా? ఈ ప్రశ్నకు జవాబు వినగానే ఎవరికైనా పెదవి విరవాలనిపిస్తుంది. ఏటా ఎండాకాలంలో ఉండే వేడి మీద ఒక డిగ్రీ, కొన్ని వారాలు ఒకటిన్నర. మన ఊళ్లో 41 డిగ్రీలు కాస్తా 42 అయితే విసనకర్ర చేయి మార్చుకుంటాం, అంతే. పగడానికి ఆ ఒక్క డిగ్రీ ఎందుకంత బరువో, దాన్ని శాస్త్రవేత్తలు ఎలా లెక్క కడతారో, ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చూద్దాం.

ముందు ఒక పొరపాటు సరిదిద్దుకోవాలి. మంగళసూత్రంలో నల్లపూసల మధ్య గుచ్చుకునే ఎర్రటి పగడం, ఈ దిబ్బల పగడం ఒకటి కావు. దూరపు చుట్టాలు మాత్రమే. నగల పగడం మధ్యధరా సముద్రం లాంటి చోట్ల, వెలుగు సరిగా అందని లోతుల్లో, గుహల్లో పెరుగుతుంది. దాని ఒంట్లో నాచు ఉండదు, ఎండతో దానికి పని లేదు. లక్షద్వీప్‌లో దీవులకు దీవుల్నే కట్టిన పగడాలు అలాంటివి కావు. అవి ఎండను తిని బతికేవి.

ఎండను తినడమంటే వట్టి మాట కాదు. దిబ్బ మీద కొమ్మలా, బల్లలా, బండరాయిలా కనబడే ఒక్కొక్క పగడం నిజానికి వేల చిన్న జంతువుల కాలనీ. ఒక్కో జంతువును పాలిప్ అంటారు. చాలా రకాల్లో అది గోరంత కూడా ఉండదు. ఒక నోరు, దాని చుట్టూ మెత్తటి వేళ్లు, కింద తాను కట్టుకున్న సున్నపు గిన్నె. ఆ పలచటి కణజాలం లోపల కంటికి కనిపించని ఒంటికణపు నాచు కాపురం ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు లక్షల్లో, ఒక్కోసారి పది లక్షలు దాటి కూడా ఉంటాయి. వీటిని జూజాంథెల్లే అంటారు. నాచు ఎండలో చక్కెర తయారుచేసి అందులో పెద్ద భాగం ఇంటి యజమానికి ఇస్తుంది. పగడానికి కావాల్సిన శక్తిలో తొంభై శాతం దాకా అలా వచ్చేదే. బదులుగా పగడం నాచుకు నీడనూ, తన ఒంటి వ్యర్థాల్లోని నత్రజనినీ ఇస్తుంది. పగడాల గోధుమ, ఆకుపచ్చ రంగుల్లో చాలావరకు ఈ నాచువే. నాచు పోతే మిగిలేది గాజులాంటి కణజాలం, దాని గుండా కనబడే తెల్లటి సున్నం.

ఈ కాపురం వేడికి ఎలా చెడుతుందన్నది అసలు కథ. నాచు లోపల ఎండను పట్టే యంత్రాంగం ఒకటి, పట్టిన శక్తితో చక్కెర చేసే యంత్రాంగం ఇంకొకటి. ఎండ కొట్టినంతసేపూ మొదటిది పనిచేస్తూనే ఉంటుంది, దాన్ని ఆపే మీట లేదు. నీరు వేడెక్కితే రెండోది మందగిస్తుంది. మొదటిదానికి రోజూ తగిలే దెబ్బల్ని సరిచేసే మరమ్మతు కూడా వెనకబడుతుంది. వరికోతలప్పుడు పొలం నుంచి ధాన్యం బండ్లు వచ్చిపడుతూ ఉండి, మిల్లు ఆగిపోతే ఎలా ఉంటుంది? ఇక్కడా అంతే. ఖర్చుకాని శక్తి ఆక్సిజన్ మీద పడి, దాన్ని చుట్టూ ఉన్నవాటినల్లా కాల్చే రూపాల్లోకి మారుస్తుంది. వాటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకటి, బ్యూటీ పార్లర్లలో జుట్టు రంగు తీయడానికి వాడేదే. అది నాచు గోడలు దాటి పగడం కణాల్లోకి కారుతుంది. అన్నం పెట్టే అద్దెదారు ఇప్పుడు విషం కక్కుతున్నాడు. పగడం అతన్ని బయటికి నెడుతుంది. తెల్లబారడమంటే ఇదే.

అంటే వేడి ఒక్కటే నేరస్థుడు కాదు, పక్కన ఎండ కూడా ఉండాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

మరి ఎన్ని డిగ్రీల దగ్గర ఈ కాపురం చెడుతుంది? ప్రపంచమంతటికీ పనికొచ్చే అంకె ఏదీ లేదు. రెంటచింతలలో పుట్టి పెరిగినవాడికి 44 డిగ్రీలు ప్రతి వేసవిలోనూ చూసేదే. లంబసింగి మనిషిని తీసుకొచ్చి అదే ఎండలో నిలబెడితే సాయంత్రానికి ఆసుపత్రిలో ఉంటాడు. పగడాలూ అంతే, తాము పెరిగిన నీటికి అలవాటుపడి ఉంటాయి. పర్షియన్ గల్ఫ్‌లోని కొన్ని పగడాలు వేసవిలో 35 డిగ్రీల నీటిలో నిక్షేపంగా బతుకుతాయి. అదే నీరు ఇంకెక్కడైనా చాలా దిబ్బల్ని తుడిచిపెట్టేస్తుంది. కాబట్టి వేడి ఎంతన్నది కాదు, ఆ చోటి మామూలు మీద ఎంత ఎక్కువన్నది చూడాలి.

హవాయి దీవుల్లో పాల్ జోకియెల్, స్టీఫెన్ కోల్స్ అనే ఇద్దరు 1970లలో తొట్లలో పగడాల్ని పెట్టి ఈ సంగతి పట్టుకున్నారు. వేసవి గరిష్ఠం మీద ఒకటి రెండు డిగ్రీలు పెంచి కొన్ని వారాలు ఉంచితే చాలు, పగడాలు పాలిపోయాయి. పసిఫిక్‌లో వేరే చోట పనిచేసిన పీటర్ గ్లిన్ కూడా దాదాపు అదే గీత దగ్గరికి చేరాడు. తర్వాత అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ఈ గీతనే ఉపగ్రహాల లెక్కలోకి ఎక్కించింది. ప్రతి చోటా పన్నెండు నెలల సగటు ఉష్ణోగ్రతలు తీసి, వాటిలో అన్నిటికన్నా వేడి నెల సగటును ఆ చోటి మామూలు గరిష్ఠం అంటారు. దానికి ఒక డిగ్రీ కలిపితే వచ్చేది తెల్లబారే గీత.

ఆ గీత దాటగానే పగడం చావదు. ఎంతసేపు దాటి ఉందన్నది రెండో సగం. వడదెబ్బ కూడా అలాగే కదా, మిట్టమధ్యాహ్నం వీధి దాటి వచ్చినవాడికి తగలదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో కలుపు తీసినవాడికి తగులుతుంది. ఎంత వేడి, ఎన్నాళ్లు అన్న రెండిటినీ కలిపి ఒకే అంకెగా రాసుకోవడానికి వాడే కొలమానాన్ని ఇంగ్లీషులో డిగ్రీ హీటింగ్ వీక్స్ అంటారు. మనం డిగ్రీ-వారాలు అందాం. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిదే.

ఒక ఊహా దిబ్బను తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి అక్కడి మామూలు గరిష్ఠం సరిగ్గా 30 డిగ్రీలు అనుకుందాం. గీత 31 దగ్గర. ఏప్రిల్ మొదటి వారంలో నీటి సగటు 30.6. మామూలు మీద 0.6 ఎక్కువే, అయినా గీత దాటలేదు కాబట్టి ఖాతాలో రాయరు. రెండో వారం 31.1. గీత దాటింది. ఇప్పుడు గీత మీద ఉన్న 0.1 కాదు, మామూలు మీద ఉన్న 1.1 మొత్తాన్నీ రాస్తారు. మూడో వారం 31.3, ఖాతా 2.4కి చేరింది. నాలుగో వారం నాలుగు మబ్బులు పట్టి 30.8కి దిగింది. ఆ వారం ఏమీ కలపరు, తీసివేయడం కూడా ఉండదు. అయిదో వారం 31.5, ఖాతా 3.9. ఆరో వారం 31.8, ఖాతా 5.7. ఏడో వారం 31.4, ఖాతా 7.1. ఎనిమిదో వారం 31.2, ఖాతా 8.3. తొమ్మిదో వారం రుతుపవనం వచ్చింది, గాలి సముద్రాన్ని చిలికింది, ఆకాశం మూసుకుంది, నీరు 30.4కి పడిపోయింది.

నీరు చల్లబడింది కదా, ఖాతా సున్నా అయిందా? కాలేదు. ఈ పుస్తకంలో ఎప్పుడూ గడిచిన పన్నెండు వారాలు కనిపిస్తూ ఉంటాయి. పదమూడో వారం ముగిసే దాకా 8.3 అలాగే ఉంటుంది. పద్నాలుగో వారంలో, అంటే జూలైలో, మొట్టమొదట రాసిన 1.1 పుస్తకం నుంచి జారిపోతే అప్పుడు 7.2 అవుతుంది. జ్వరం దిగినా నీరసం నెలల తరబడి వదలనట్టన్నమాట. పన్నెండు వారాలే ఎందుకంటే, అంతకన్నా పాత వేడి నుంచి పగడం చాలావరకు తేరుకుని ఉంటుందన్న అంచనాతోనే. అది ప్రకృతి గీసిన గీత కాదు, మనుషులు అనుభవం మీద గీసుకున్నది.

ఖాతాలో 4 దాటితే చెప్పుకోదగ్గ తెల్లబారడం ఉంటుందనీ, 8 దాటితే చావులు మొదలవుతాయనీ చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. నోవా హెచ్చరికల్లో 4 మొదటి స్థాయి, 8 రెండోది. అక్కడితో ఆగిపోయేది, ఎందుకంటే అంతకు మించి ఎవరూ ఊహించలేదు. 2023 వేసవిలో ఫ్లోరిడా దగ్గర ఖాతా 20 దాటింది. ఆ ఏడాది చివర నోవా కొత్తగా మూడు స్థాయిలు కలపాల్సి వచ్చింది. 12 దగ్గర ఒకటి, 16 దగ్గర ఒకటి, 20 దగ్గర అయిదోది. జ్వరమానినిలో గీతలు అయిపోయి, పైన ఇంకో జానెడు గాజు గొట్టం అతికించినట్టు.

ఈ 4, 8 అంకెల్ని పాఠ్యపుస్తకం నుంచి బయటికి లాగి గట్టిగా పరీక్షించింది ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్. 2016 మార్చిలో అక్కడ, ముఖ్యంగా ఉత్తర భాగంలో, పెద్ద ఎత్తున పగడాలు తెల్లబారాయి. టెర్రీ హ్యూస్ బృందం అదే దిబ్బల్ని మార్చిలోనూ నవంబర్‌లోనూ చూసింది. ఆ తొమ్మిది నెలల్లో మొత్తం దిబ్బల మీద పగడాల కవచంలో దాదాపు ముప్పై శాతం పోయింది. వాళ్లకు రెండు విషయాలు కొత్తగా తోచాయి. ఒకటి, చావుకు 8 దాకా ఆగనక్కరలేదు, 3, 4 డిగ్రీ-వారాల దగ్గరే కొన్ని రకాలు పోవడం మొదలైంది. 6 దాటిన చోట్ల దిబ్బ మీద ఏ రకాలు ఎంతెంత ఉన్నాయన్నదే మారిపోయింది. రెండు, చాలా పగడాలు తెల్లబడి, ఆకలితో మెల్లగా చచ్చిపోలేదు. రెండు మూడు వారాల్లోనే, ఆకలి బాధ తగలకముందే, నేరుగా వేడికే కణజాలం కరిగిపోయింది. తెల్లబారడం అంటే నెమ్మది జబ్బు అని మనకున్న ఊహ అన్ని వేళలా నిజం కాదు.

అదే దిబ్బ దక్షిణ భాగం ఆ ఏడాది పెద్ద దెబ్బ తప్పించుకుంది. ఫిజీని ధ్వంసం చేసిన విన్‌స్టన్ తుపాను, బలం తగ్గి క్వీన్స్‌లాండ్ తీరానికి వచ్చి, వానలతో మబ్బులతో నీటిని చల్లార్చింది. ఒక దేశానికి విలయం, ఇంకో దేశపు పగడాలకు ప్రాణం.

ఇంతవరకూ ఖాతా పుస్తకం చాలా నమ్మకమైనదిలా చెప్పుకొచ్చాను. ఇప్పుడు దాని లొసుగులు. మన దేశపు దిబ్బల కోసం ఇలాంటి హెచ్చరికలు ఎక్కడి నుంచి వెలువడతాయో చాలామందికి తెలియదు: హైదరాబాద్ నుంచి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ 2011 నుంచి అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ దిబ్బలకు ఉపగ్రహ ఉష్ణోగ్రతల ఆధారంగా తెల్లబారే హెచ్చరికలు తయారుచేస్తోంది. ఉపగ్రహం చూసేది నీటి పైపొరను. నోవా లెక్కలో ఒక్కో గడి అయిదు కిలోమీటర్ల పొడవు, అయిదు కిలోమీటర్ల వెడల్పు. కవరత్తి దీవి మొత్తం నాలుగు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అంటే దీవి, దాని లగూన్, బయటి దిబ్బ వాలు అన్నీ ఇంచుమించు ఒకే గడిలో ఇమిడిపోయి ఒకే అంకెగా కనబడతాయి. నిజానికి మోకాలి లోతు లగూన్‌లో మిట్టమధ్యాహ్నం నీరు బయటి వాలు కన్నా ఎంతో వేడిగా ఉంటుంది, ఇరవై మీటర్ల కింద ఇంకో లోకం.

ఇందాక గుర్తుంచుకోమన్న ఎండ సంగతి ఇక్కడ వస్తుంది. ఖాతాలో వేడికి పద్దు ఉంది, వెలుగుకు లేదు. 1998లో ఫ్రెంచ్ పాలినేషియాలోని సొసైటీ దీవుల దగ్గర నీరు పగడాల్ని తెల్లబార్చేంత వేడెక్కింది, అయినా పెద్ద తెల్లబారడం కనబడలేదు. కారణం వెతికితే ఆ వారాల్లో ఆకాశం మబ్బులతో మూసుకుని ఉంది. గీతకు కింద ఉన్న వారాల సంగతి కూడా తేలలేదు. మన ఊహా దిబ్బ మీద 30.8 ఉన్న వారాన్ని సున్నాగా రాశాం. ఆ వారం పగడం నిజంగా సెలవు తీసుకుందా? తీసుకోలేదని, గీతను ఇంకా కిందికి జరిపితే లెక్క వాస్తవానికి మరింత దగ్గరగా వస్తుందని ఇటీవలి పరిశోధనలు కొన్ని చెబుతున్నాయి. నా మటుకు ఈ అంకెను రక్తపోటు అంకెలా చూడటం మేలనిపిస్తుంది. 140 దాటిన ప్రతివాడికీ పక్షవాతం రాదు, కానీ డాక్టరు ఆ అంకెను చూసి ఊరుకోడు.

అందుకే చివరికి ఎవరో ఒకరు నీళ్లలోకి దిగి చూడాల్సిందే. చూడటానికి కూడా ఒక పద్ధతి ఉంది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ల కోరల్‌వాచ్ చార్టు అరచేతిలో పట్టే చదరపు ప్లాస్టిక్ అట్ట. అంచుల వెంట నాలుగు రంగుల వరసలు, ఒక్కో వరసలో ఒకటి నుంచి ఆరు దాకా లేత నుంచి ముదురు గళ్లు. పగడం పక్కన పట్టుకుని, అన్నిటికన్నా లేతగా ఉన్న చోటికీ ముదురుగా ఉన్న చోటికీ సరిపోయే అంకెలు రాసుకోవాలి. కొమ్మల కొసలు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి, అక్కడ కొత్తగా పెరుగుతుంది కాబట్టి, వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. ఒక రోజు చూసిన అంకెతో తేలేది తక్కువ. అదే పగడం మళ్లీ చూసినప్పుడు రెండు గళ్లు లేతబడితే అప్పుడు అనుమానించాలి.

తెల్లగా కనబడిందల్లా వేడికి తెల్లబారింది కాదు. ముళ్లకిరీటం అనే నక్షత్రచేప పగడం మీద కూర్చుని మాంసం తినేసి వెళ్తే కూడా మంచులా తెల్లటి మచ్చ మిగులుతుంది. దాన్ని గుర్తుపట్టడానికి దగ్గరగా వెళ్లాలి. తెల్లబారిన పగడం మీద గాజులాంటి కణజాలం ఇంకా ఉంటుంది, గిన్నెల లోపల పాలిప్‌ల వేళ్లు కదులుతుంటాయి. తినేసిన చోట వట్టి సున్నం, గిన్నెల అంచులు పదునుగా కనబడతాయి. కొన్ని పగడాలు తెల్లబారే ముందు ఊదా, నీలం, పసుపు రంగుల్లో మిలమిల మెరుస్తాయి. నాచు పోగానే పగడం సొంత రంగు పదార్థాలు బయటపడటమో, ఎండ నుంచి కాచుకోవడానికి అది వాటినే ఎక్కువ చేసుకోవడమో అందుకు కారణం. పర్యాటకులు ముచ్చటపడి ఫొటోలు తీసుకునేది ఆ దశలోనే. ఇక చనిపోయిన పగడం తెల్లగా ఉండదు. కొన్ని రోజుల్లోనే దాని మీద బూజులాంటి పచ్చటి, గోధుమరంగు నాచు నూగు ఎక్కుతుంది. పాచి పట్టిన బావిగట్టులా ఉంటుంది. తెలుపంటే ఇంకా ఆశ ఉన్నట్టే.

తెల్లబారి బతికిన పగడం మళ్లీ రంగు పుంజుకోవచ్చు. ఒంట్లో మిగిలిన నాలుగు నాచుకణాలే పెరుగుతాయి, లేదా కొత్తవి చేరతాయి. ఒక్కోసారి వేడికి ఓర్చే రకం నాచు పైచేయి సాధిస్తుంది. దాంతో పగడానికి ఒకటి, ఒకటిన్నర డిగ్రీల ఓర్పు అదనంగా వస్తుందని ఆస్ట్రేలియాలో తేలింది. అయితే ఆ నాచు చక్కెర ఇవ్వడంలో పిసినారి, పగడం ఎదుగుదల మందగిస్తుంది.

ఒక పగడం తేరుకోవడం వేరు, దిబ్బ తేరుకోవడం వేరు. దిబ్బ తేరుకోవాలంటే చచ్చినవాటి చోటికి కొత్తవి రావాలి. పగడాల పిల్లలు నీటిలో తేలుతూ వచ్చి గట్టి చోటు చూసుకుని అంటుకుంటాయి. తల్లులే పోతే పిల్లలెక్కడివి? 2016, 2017 వరుస దెబ్బల తర్వాత గ్రేట్ బారియర్ రీఫ్ మీద కొత్తగా అంటుకున్న పిల్లల సంఖ్య 2018లో 89 శాతం పడిపోయింది. వచ్చినవి నిలవాలంటే ఆ చోటు నాచు పెరక్కుండా శుభ్రంగా ఉండాలి, ఆ పని చిలకచేపలు, సర్జన్ చేపలు చేస్తాయి. సీషెల్స్‌లో 1998 తర్వాత నికొలస్ గ్రాహం బృందం 21 దిబ్బల్ని ఏళ్ల తరబడి చూసింది. 12 తేరుకున్నాయి, 9 నాచు తోటలైపోయాయి. తేరుకున్నవి ఎక్కువగా కాస్త లోతున ఉన్నవి, ఎగుడుదిగుళ్లతో చేపలకు దాక్కునే చోటు ఉన్నవి. వేడి అందరికీ ఒకటే తగిలింది, ఫలితం వేరైంది.

లక్షద్వీప్‌కు ఈ విషయంలో ఒక అదృష్టం ఉండేది. అక్కడివాళ్లు ప్రధానంగా ట్యూనా పడతారు. లగూన్‌లో చిన్న ఎర చేపల్ని వలతో పట్టి, పడవలో ప్రాణంతో ఉంచుకుని, నడిసముద్రంలో చల్లి, కర్ర గాలాలతో ఒక్కొక్క ట్యూనాను పైకి లాగుతారు. దాన్ని ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాస్‌మీన్ చేస్తారు. ట్యూనా దొరుకుతున్నన్నాళ్లూ దిబ్బ చేపల జోలికి పెద్దగా పోలేదు. అందుకే 1998లో పెద్ద దెబ్బ తగిలినా నాచు మేసే చేపలు దండిగా మిగిలాయి, దిబ్బ నాచుతోటగా మారలేదు. ఈమధ్య దిబ్బ చేపలకూ బయట గిరాకీ పెరుగుతోంది, ఆ అదృష్టం ఎన్నాళ్లో.

నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌కు చెందిన రోహన్ ఆర్థర్, ఆయన సహచరులు 1998 నుంచి అగత్తి, కడమత్, కవరత్తి దిబ్బల్ని వదలకుండా చూస్తున్నారు. వాళ్లు గమనించినవాటిలో నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది బల్ల పగడాల ముచ్చట. అక్రోపోరా జాతిలో ఒక రకం, మధ్యలో ఒక కాడ, దాని మీద గుండ్రటి భోజనబల్లలా విస్తరిస్తుంది. వేడికి ముందుగా పోయేది ఇదే. చచ్చిన తర్వాత కూడా ఆ బల్ల అలాగే నిలబడి ఉంటుంది. తేలుతూ వచ్చిన పగడం పిల్లలకు అది మంచి చోటులా తోస్తుంది, ఎక్కి కూర్చుంటాయి, పెరగడం మొదలుపెడతాయి. ఈలోగా కింది కాడను పురుగులు, స్పాంజీలు తొలిచేస్తుంటాయి. ఒక రుతుపవనపు అలకు బల్ల విరిగి బోర్లాపడుతుంది, పిల్లలు కిందపడి నలిగిపోతాయి. పిల్లల్ని లెక్కపెట్టి దిబ్బ తేరుకుంటోందని రాసుకున్న పరిశోధకుడు రెండేళ్ల తర్వాత వచ్చి చూస్తే అక్కడ పెంకుల కుప్ప తప్ప మరేమీ ఉండదు. 1998 తర్వాత దీవుల పడమటి వైపు దిబ్బలు తూర్పువాటికన్నా చురుగ్గా తేరుకోవడానికి కూడా ఇలాంటి స్థానిక కారణాలే. అలల ధాటి ఎక్కడెంత, వచ్చి అంటుకున్న పిల్లలు ఎక్కడ నిలిచాయి అన్నవే తేడా తెచ్చాయి.

పగడపు కవచం ఎంత శాతం ఉందన్న అంకె ఒక్కటే చూస్తే మోసపోవడం తేలిక. గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర, మధ్య భాగాల్లో 2022లో కవచం 36 ఏళ్లలో ఎన్నడూ లేనంత పెరిగిందని ఆస్ట్రేలియా సముద్ర విజ్ఞాన సంస్థ చెప్పింది. అబద్ధం కాదు. కానీ పెరిగిన దాంట్లో చాలాభాగం అక్రోపోరాయే, ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా సాగగల తొందరగత్తె. అంతే తొందరగా చచ్చేది కూడా అదే. బండరాయిలాంటి పోరైటిస్ ఏడాదికి ఒక సెంటీమీటరు పెరుగుతుంది, కానీ వేడికి మొండిగా నిలబడుతుంది. తోటలో మామిడి చెట్లు పోయి అరటి వేసుకుంటే పచ్చదనం తిరిగొస్తుంది, ఒక గాలివానకు అదీ పోతుంది. 2024 వేడి తర్వాత జరిగిన సర్వేలో ఆ పెరిగిన కవచం ఒక్క ఏడాదిలోనే భారీగా పడిపోయింది.

లక్షద్వీప్ లెక్క ఇలా ఉంది. 1998, 2010, 2016లలో పెద్ద దెబ్బలు. మయూఖ్ డే, రోహన్ ఆర్థర్ తదితరులు ఆ మూడు దీవుల 24 ఏళ్ల లెక్కలు ఒకచోట పెట్టి చూస్తే, 1998లో 37 శాతం ఉన్న పగడపు కవచం 2022కు ఇరవై శాతం లోపుకు దిగింది, దాదాపు సగం. అందులో విచిత్రం ఒకటుంది. ప్రతి దెబ్బకూ చచ్చేవాటి సంఖ్య ముందటికన్నా తగ్గుతూ వచ్చింది. మొండివే మిగిలాయి కాబట్టి కావచ్చు, అలవాటు పడ్డాయి కాబట్టి కావచ్చు. కానీ తేరుకునే వేగం కూడా ప్రతిసారీ తగ్గింది. దెబ్బ తర్వాత మొదటి కొన్నేళ్లు దిబ్బ దాదాపు కదలదు. దెబ్బ తగలకుండా ఆరేళ్లు గడిచాకే కవచం నిజంగా పెరగడం మొదలవుతుందని వాళ్లకు తేలింది. చచ్చిన బల్లలు కూలిపోవాలి, చోటు గట్టిపడాలి, పిల్లలు తల్లులు కావాలి.

ఆ ఆరేళ్లను తేదీలతో కలిపి చూడండి. 1998కీ 2010కీ మధ్య పన్నెండేళ్లు, అంటే ఆరేళ్లు కాచుకున్నాక ఇంకో ఆరేళ్లు పెరగడానికి దొరికాయి. 2010కీ 2016కీ మధ్య సరిగ్గా ఆరే. కాచుకోవడం పూర్తయిన ఏడాదే మళ్లీ దెబ్బ. 2016 తర్వాత ఆరేళ్లంటే 2022. అక్కడి నుంచి పెరుగుదల అందుకోవాల్సిన దిబ్బకు దొరికింది 2023 అక్టోబర్ దాకా, ఏడాదిన్నర. ఆపై సముద్రం వేడెక్కింది. మే నెలలో దాని ఖాతా 4 దాటింది, మే 30న వాన వచ్చింది. ఇప్పుడు ఆరేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటే 2030.